మరిచిన మాటకు దారి

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)



పక్క గదిలో మనవాళ్లు పాత సేద్యపు సామాను పెట్టారు. ఒక్కో వస్తువు ముందు పేరు రాసిన చీటీ ఉంది. అందులో ఒక చీటీ వెనక నాలుగు రోజుల పని ఉంది. దాని గురించే చెప్తాను.

ఆ వస్తువు నులక తాడుతో అల్లిన గిన్నెలాంటి వల. పిడికిలి పెట్టేంత లోతు, అంచుకు రెండు తాళ్లు. బంతి తిప్పేటప్పుడు ఎద్దు వడ్లు మేయకుండా మూతికి కట్టేవారు. ఇదంతా మాకు తెలుసు. పేరు మాత్రం ఎవరికీ రాలేదు. ‘శి’తో మొదలవుతుందని ఒకరు, మధ్యలో ‘క్క’ ఉంటుందని ఇంకొకరు అన్నారు. నిఘంటువులో ‘శి’ దగ్గర వెతికితే దొరకలేదు.

మామూలు నిఘంటువు మాట నుంచి అర్థానికి తీసుకుపోతుంది. మనకు కావలసింది తిరుగు ప్రయాణం. దానికీ పాత ఏర్పాట్లున్నాయి. అమరకోశం అకారాది క్రమంలో ఉండదు, వర్గాలుగా ఉంటుంది. సేద్యం, పశువుల మాటలు వైశ్యవర్గంలో దొరుకుతాయి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం అచ్చ తెలుగులో అలాంటిదే. ఇంగ్లీషులో 1852లో వచ్చిన రోజే థెసారస్ భావాలను వెయ్యి శీర్షికల కింద సర్దింది.

వీటితో వచ్చే చిక్కేమిటంటే, కూర్చినవాడు ఆ వస్తువును ఏ వైపు నుంచి చూశాడో మనం ఊహించాలి. రోజేలో ఈ వస్తువుకు సరిపడే ఇంగ్లీషు మాట ‘మజిల్’ కోసం నోరు, మూతి అనే చోట వెతికేవాడికి ఆలస్యమవుతుంది. అది కళ్లెం, కాడి, సంకెళ్లతో కలిసి, అడ్డుకునే సాధనాల దగ్గర ఉంటుంది. మూతి దాన్ని కట్టే చోటు మాత్రమే, దాని పని అడ్డుకోవడం.

అందుకని అర్థాన్ని ముక్కలు చేసి కాగితం మీద రాసుకున్నాం. అది ఏ జాతి వస్తువు? వల. దేనితో చేస్తారు? తాడుతో. ఎవరికి కడతారు? ఎద్దుకు, దూడకు. ఎక్కడ? మూతికి. ఎందుకు? మేయకుండా.

ఆ తరువాత ఆంధ్రభారతి వెబ్‌సైటు తెరిచాం. అక్కడ చాలా తెలుగు నిఘంటువులను ఒకేచోట శోధించవచ్చు, అర్థ వివరణల్లోనూ వెతకవచ్చు. ‘ఎడ్ల మూతికి కట్టేది’ అని మన మాటల్లో కొడితే ఏమీ రాదు. పాత నిఘంటుకారుడు ‘కట్టేది’ అనడు, ‘కట్టునది’ అంటాడు. ‘ఎడ్లు’ అనకుండా ‘పశువులు’ అనవచ్చు. పైగా మధ్యలో అరసున్న వచ్చినా, ‘క’ ‘గ’గా మారినా అక్షరాలు కలవవు. కాబట్టి వాక్యం ఇవ్వకూడదు, ప్రత్యయం లేని చిన్న మాట ఇవ్వాలి. ‘మూతి’ ఒక్కటే ఇస్తే కుప్పలుగా వస్తాయి. వాటిలో ‘వల’ ఉన్నవి ఏరుకుంటే మిగిలేవి కొద్ది. అలా ఏరినప్పుడు ‘చిక్కము’ కనబడింది.

‘శి’ ఎందుకు దొరకలేదో అప్పుడు తెలిసింది. మన దిక్కు చెట్టును శెట్టు అంటాం, చేనును శేను అంటాం. నిఘంటువు మాత్రం ‘చ’ దగ్గర కూర్చుంటుంది, చివర ‘ము’ కూడా తగిలిస్తుంది. అందరికీ సగం సగం గుర్తున్న శబ్దం సరైనదే, వెతికిన అర మాత్రం వేరు.

దొరికిన మాటను అంతటితో నమ్మకూడదు. మళ్లీ మాట నుంచి అర్థానికి రావాలి. చిక్కానికి వల, వలసంచి అనే అర్థాలూ ఉన్నాయి. మూతికి కట్టడం దాని వాడకాల్లో ఒకటి. వల అనే ముక్క మనల్ని దారిలో పెట్టింది అందుకే.

చివరి పరీక్ష ఊళ్లోనే. పెద్దవాళ్లను ‘ఇది చిక్కమే కదా?’ అని అడగకూడదు, మర్యాదకు ఔననేస్తారు. నేను వస్తువు చేతిలో పెట్టి ఉట్టి, జాలె, చిక్కం అని మూడు పేర్లు చెప్పాను. ఎనభై దాటిన ఒక అవ్వ నవ్వింది. “ఉట్టి మీద కుండ పెడ్తరు బిడ్డా, ఎద్దు మూతికి పెడ్తరా? ఇది శిక్కెం” అన్నది.

నిఘంటువులకు ఎక్కని మాటలూ ఉంటాయి. అలాంటివాటికి భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం చూడాలి. అది రైతుల నోట విని కూర్చినది. 1971లో చేనేతకూ వచ్చింది. మగ్గం ఎరిగినవాళ్లు అది చూడాలి.

మా చీటీ మీద పైన ‘శిక్కెం’ అని రాశాం, కింద చిన్న అక్షరాల్లో ‘చిక్కము’ అని. ఆ వరుస మీద కొంచెం వాదన జరిగింది, నేను పట్టు విడవలేదు.

బల్ల చివర చీటీ లేని వస్తువులు ఇంకా రెండున్నాయి. భోజనాలయ్యాక వచ్చి చూడండి. పేరు గుర్తుకు రాకపోయినా సరే, దేనితో చేసేవారో, దేనికి కట్టేవారో, ఎప్పుడు తీసేవారో చెప్పండి. అక్కడ ఒక నోటుబుక్కు పెట్టాం.