గోడకుర్చీలో మన కాళ్ళకి ఏం జరిగింది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్ళు వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ఏదైనా ఆరోగ్య విషయం మాట్లాడమన్నారు. నాకు మాత్రం ఎనిమిదో తరగతి గది వెనక గోడ గుర్తొచ్చింది. లెక్కలు చేసుకురాలేదని నన్నూ, నా పక్కనే కూర్చునే మిత్రుణ్ణీ ఒకరోజు గోడకుర్చీ వేయించారు. నేను పుల్లలా ఉండేవాణ్ణి. వాడు బొద్దుగా, నాకు ఒకటిన్నర రెట్లు ఉండేవాడు. ఒక నిమిషం దాటేసరికి వాడి తొడలు వణికాయి, ఆ వెంటనే జారి కింద కూలబడ్డాడు. నేను ఇంకో రెండు నిమిషాలు నిలబడ్డాను. "చూడరా, అంత ఒళ్ళు పెట్టుకుని దొంగవేషాలు!" అని వాడికి ఇంకోసారి శిక్ష పడింది. వాడు దొంగవేషం వేశాడా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇంతకాలం పట్టింది.

ముందుగా ఇంధనం సంగతి. కండరం కదలాలన్నా, బిగిసి ఉండాలన్నా ఖర్చయ్యేది ఏటీపీ అనే పదార్థం. అది కండరంలో నిల్వ ఉండేది చాలా తక్కువ. పూర్తి బలంతో పనిచేస్తే రెండు మూడు క్షణాలకే చాలుతుంది. అయినా మనం మూడో క్షణంలో పడిపోం. ఎందుకంటే పక్కనే ఇంకో నిల్వ ఉంది: ఫాస్ఫోక్రియాటిన్. ఏటీపీ ఖర్చవుతున్నకొద్దీ ఇది తనలోని ఫాస్ఫేటును ఇచ్చి దాన్ని మళ్ళీ నింపుతుంది. దీన్ని 1927లో హార్వర్డులో కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, రెండోవారు సైరస్ ఫిస్క్. కండరం పనిచేస్తే ఆ పదార్థం విడిపోతుందనీ, విశ్రాంతి ఇస్తే మళ్ళీ తయారవుతుందనీ వారు చూపించారు.

ఆ తర్వాత గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న చక్కెర అందుకుంటుంది. ప్రాణవాయువు దొరికితే అది నిదానంగా, పొదుపుగా మండి చాలాసేపు శక్తినిస్తుంది. గోడకుర్చీలో వచ్చిన చిక్కే ఇక్కడ. నడిచేటప్పుడు కండరం బిగుస్తుంది, వదులవుతుంది. వదులైనప్పుడల్లా రక్తం లోపలికి వస్తుంది. గోడకుర్చీలో తొడ కండరం బిగిసినది బిగిసినట్టే ఉండిపోతుంది. లోపలి ఒత్తిడికి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. కొత్త సరుకు రాదు, పాత చెత్త పోదు.

ఆ చెత్త అనగానే అందరం లాక్టిక్ ఆమ్లం పేరు చెబుతాం. నేనూ మొదట్లో పాఠంలో అలాగే చెప్పాను. అయితే 1951లో బ్రయన్ మెకార్డిల్ అనే వైద్యుడు వర్ణించిన ఒక జబ్బు ఉంది. ఆ రోగుల కండరాలు గ్లైకోజెన్‌ను విడగొట్టలేవు; కాబట్టి కష్టపడినా లాక్టిక్ ఆమ్లం పెరగదు. లాక్టిక్ ఆమ్లమే అలసటకు మూలమైతే వాళ్ళు అలసిపోకూడదు కదా? వాళ్ళు మనకంటే ఎంతో త్వరగా అలసిపోతారు. కండరంలో ఆమ్లత పెరగడం నిజమే, మంటకు అదీ కొంత కారణమే. కానీ ఒంటి వేడి దగ్గర అది నేరుగా బలాన్ని తగ్గించేది కొద్దిగానే. మర్నాడు వచ్చే నొప్పులకైతే దానితో సంబంధం లేదు. అప్పటికి ఆ ఆమ్లం ఎప్పుడో ఖర్చైపోయి ఉంటుంది.

అసలు ముద్దాయి చాలావరకు ఫాస్ఫేటు. ఫాస్ఫోక్రియాటిన్ విడిపోతున్నకొద్దీ అది పోగుపడుతుంది. కండరంలో సన్నని పోగులు ఒకదాన్నొకటి పట్టి లాగితే బలం పుడుతుంది. ఫాస్ఫేటు పెరిగితే ఆ పట్టు సడలుతుంది. పైగా, "లాగండి" అని పోగులకు సైగ చేసేది కాల్షియం. ఫాస్ఫేటు ఆ కాల్షియం దాచి ఉన్న సంచుల్లోకి దూరి, కొంత కాల్షియాన్ని గడ్డ కట్టించి పనికిరాకుండా చేస్తుందని కూడా ప్రయోగాల్లో కనిపించింది. అంటే ఏటీపీ పూర్తిగా అయిపోకముందే కండరం తగ్గిపోతుంది. అది మన మేలుకే. ఏటీపీ నిజంగా అయిపోతే పోగులు ఒకదాన్నొకటి వదలలేక కొయ్యబారిపోతాయి. చనిపోయిన శరీరం బిగుసుకుపోయేది అందుకే.

మరి మనసు మాటేమిటి? "పట్టుదల ఉంటే నిలబడేవాడు" అన్నది ఎంతవరకు నిజం? 1954లో మెర్టన్ అనే శాస్త్రవేత్త బొటనవేలి కండరాన్ని బలం పూర్తిగా తగ్గేదాకా బిగించి ఉంచి, అప్పుడు నరానికి కరెంటు షాకు ఇచ్చి చూశారు. మనసే మొరాయిస్తుంటే షాకుతో బలం రావాలి. రాలేదు. రక్తం అందకుండా చేతికి కట్టు బిగించి ఉంచితే, ఎంత విశ్రాంతి ఇచ్చినా బలం తిరిగి రాలేదు. కట్టు విప్పాకే వచ్చింది. లోపం కండరంలోనే ఉందన్నమాట.

కథ అక్కడితో పూర్తి కాలేదు. 1990లలో ఆస్ట్రేలియాలో సైమన్ గాండేవియా బృందం నెత్తి మీద నుంచి అయస్కాంత ప్రేరణతో మెదడును తట్టి చూసింది. మోచేయి వంచే కండరం అలసినకొద్దీ, ఆ తట్టుకు కొంత అదనపు బలం పుట్టింది. అంటే మనిషి శాయశక్తులా ప్రయత్నిస్తున్నా మెదడు ఆజ్ఞ కొంత తగ్గుతోంది. రక్తం ఆపి ఉంచినంతసేపూ ఆ ఆజ్ఞ కోలుకోలేదు. అలసిన కండరంలోని సన్నని నరాలు లోపలి పరిస్థితిని పైకి చేరవేస్తుంటాయి; ఆ కబురు అందుతున్నంతకాలం పైనుంచి పూర్తి ఆజ్ఞ రాదు. ఈ తగ్గుదలను మనం కావాలని తెచ్చుకోలేం, పట్టుదలతో పూర్తిగా పోగొట్టుకోలేం.

ఇప్పుడు మా మిత్రుడి కేసు తీర్పు. బరువు ఒకటిన్నర రెట్లయినంత మాత్రాన తొడ బలం ఒకటిన్నర రెట్లు కాదు. నేను నా గరిష్ఠ బలంలో సుమారు నాలుగో వంతుతో కూర్చున్నాననుకోండి. వాడు తన బలంలో అంతకంటే ఎక్కువ వంతు పెట్టాల్సి వచ్చి ఉంటుంది. నాలుగో వంతు బలాన్ని మూడు నాలుగు నిమిషాలు పట్టి ఉంచగలం, సగం బలాన్నైతే సుమారు ఒక్క నిమిషమే. ఎక్కువ బిగింపు అంటే రక్తం మరింత తక్కువ అని కూడా కలుపుకోండి. ఇక ఆ వణుకు: అలసిన పోగుల బదులు మెదడు కొత్త పోగుల గుంపులను పిలుస్తుంది. అవి విడివిడిగా కాక కలిసికట్టుగా కొట్టుకుంటే కాలు అదురుతుంది. అది నటిస్తే వచ్చేది కాదు. ఆ రోజు ఇద్దరిలో ఎక్కువ కష్టపడ్డది వాడే.

ఇక్కడ ఉపాధ్యాయులు ఉన్నారు కనుక ఒక్క మాట. కూలబడిన పిల్లవాడికి రక్తం అందగానే ఫాస్ఫోక్రియాటిన్ సగం మేరకు ఒక నిమిషం లోపే, దాదాపు అంతా కొద్ది నిమిషాల్లో తిరిగి నిండుతుంది. ఆ అలసట వల్ల హాని లేదు. అలవాటు లేని ఒంటితో వందల కొద్దీ గుంజీళ్ళు తీయిస్తే వేరే ప్రమాదం ఉంది: పోగులే చిట్లుతాయి. ఒకటి రెండు రోజుల్లో తొడలు వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది మామూలు ఒళ్ళునొప్పి కాదు. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం శారీరక శిక్షను నిషేధించింది. అయినా ఆటల పీరియడులో, పోటీల సాధనలో ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

మా మిత్రుడు ఇవాళ మూడో వరసలో కూర్చున్నాడు. ఒరేయ్, నువ్వు దొంగవేషం వేయలేదురా. అప్పుడే చెప్పాల్సింది; నాకు తెలియలేదు.

సెలవు.