పెళ్ళికాని వారి ఆస్తికి వారసులెవరు?

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి, శుభాలు వర్షించుగాక!



భార్య గాని, భర్త గాని, సంతానం గాని లేకుండా, వసీయత్ రాయకుండా ఒక మనిషి మరణిస్తే ఆ ఆస్తి ఎవరిది? మన ఇళ్ళలో తరచుగా వినవచ్చే జవాబు ఒకటే: “అన్నదమ్ములున్నారు కదా, వారిదే.” ఈ మాట కొన్ని సందర్భాలలో పూర్తిగా తప్పు, మరికొన్నింటిలో సగమే నిజం. దీనివల్ల తల్లి వాటా, అక్కచెల్లెళ్ళ వాటా అడిగేవారు లేకుండానే పోతున్నాయి. కనుక నేటి ఖుత్బాలో ఈ ఒక్క విషయాన్నే, మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం పరిశీలిద్దాం.

తండ్రీ, సంతానమూ లేకుండా మరణించిన వ్యక్తి విషయాన్ని ఖుర్ఆన్ ‘కలాలహ్’ అనే మాటతో ప్రస్తావించింది. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) తీవ్రంగా జబ్బుపడి స్పృహ కోల్పోయినప్పుడు దైవప్రవక్త (స) పరామర్శకు వచ్చి, వుజూ చేసి, ఆ నీటిని ఆయనపై చిలకరించారు. స్పృహ రాగానే జాబిర్ (రజి) అడిగిన ప్రశ్న తన ఆస్తి గురించే. ఆయన తండ్రి ఉహుద్ యుద్ధంలో అమరులయ్యారు, ఇంట అక్కచెల్లెళ్ళున్నారు. ఈ సందర్భంలోనే వారసత్వపు ఆయతు అవతరించిందని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అన్-నిసా సూరా 11, 12, 176 ఆయతులలో ఈ వాటాలన్నీ ఉన్నాయి.

ఇప్పుడొక ఉదాహరణ తీసుకుందాం. పెళ్ళికాని ఒక ఉపాధ్యాయురాలు మరణించింది. ఇంటి స్థలం, నగలు, బ్యాంకు సొమ్ము అన్నీ కలిపి ఆమె ఆస్తి 20 లక్షల రూపాయలు. ముందుగా కఫన్, దఫన్ ఖర్చులు తీయాలి. తర్వాత అప్పులు తీర్చాలి. వసీయత్ ఉంటే దాని వంతు ఆ తర్వాత వస్తుంది. ఇక్కడ వసీయత్ లేదు. ఖర్చులూ అప్పులూ కలిసి 2 లక్షలు పోగా 18 లక్షలు మిగిలాయి. పంచవలసింది ఈ 18 లక్షలనే. ఆమెకు ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు ఉన్నారు. ముగ్గురూ ఆమెకు ఒకే తల్లి, ఒకే తండ్రి బిడ్డలు.

మొదట చూడవలసింది తండ్రి జీవించి ఉన్నారా అన్నది. తండ్రి ఉంటే అన్నదమ్ములకు గాని, అక్కచెల్లెళ్ళకు గాని ఒక్క రూపాయి కూడా రాదు. ఆస్తి అమ్మకూ నాన్నకూ మాత్రమే చెందుతుంది. అయితే ఇక్కడొక సూక్ష్మముంది. మృతురాలికి తోబుట్టువులు ఇద్దరో అంతకు మించో ఉంటే, వారికి వాటా రాకపోయినా, వారి ఉనికి వల్ల తల్లి వాటా మూడోవంతు నుండి ఆరోవంతుకు తగ్గుతుంది. కాబట్టి మన ఉదాహరణలో తల్లికి 3 లక్షలు, తండ్రికి 15 లక్షలు. తోబుట్టువులే లేకపోయినా, ఒక్కరే ఉన్నా, తల్లికి 6 లక్షలు, తండ్రికి 12 లక్షలు వచ్చేవి. తండ్రి లేక తండ్రి తండ్రి జీవించి ఉంటే, ఆయన కూడా తోబుట్టువులకు అడ్డు నిలుస్తారు. ఇది ఇమామ్ అబూ హనీఫా (రహ్) అభిప్రాయం.

ఇక తండ్రీ, తాతా లేరు, తల్లి ఉంది అనుకుందాం. మన ఊళ్ళలో ఎక్కువగా ఎదురయ్యే పరిస్థితి ఇదే. తల్లికి ఆరోవంతు, అంటే 3 లక్షలు. మిగిలిన 15 లక్షలు తోబుట్టువులవి. సోదరునికి రెండు పాళ్ళు, సోదరికి ఒక పాలు చొప్పున ఇద్దరు సోదరులకు చెరి 6 లక్షలు, చెల్లెలికి 3 లక్షలు. ఈ తల్లి, ఈ చెల్లెలే సాధారణంగా లెక్కలోంచి జారిపోయేవారు. చెల్లెలికి పెళ్ళి చేసి పంపామనడం ఆమె హక్కును రద్దు చేయదు. తల్లిని పోషిస్తున్నామనడం ఆమె వాటాకు బదులు కాదు.

అదే ఉదాహరణలో సోదరులు లేకుండా తల్లి, ఒక్క చెల్లెలు మాత్రమే ఉన్నారనుకోండి. తోబుట్టువు ఒక్కరే కనుక తల్లికి మూడోవంతు, 6 లక్షలు. చెల్లెలికి సగం, 9 లక్షలు. ఇంకా 3 లక్షలు మిగిలాయి. ఇవి తండ్రి వైపు అత్యంత సమీప పురుష బంధువుకు, అంటే అన్నదమ్ముల కుమారులు లేకపోతే పెదనాన్నకో చిన్నాన్నకో, వారూ లేకుంటే వారి కుమారులకో చెందుతాయి. చాచా హక్కు ఈ మిగులు వరకే. “ఇంట్లో మగదిక్కు లేదు కనుక అంతా మాదే” అని ఆయన అనడానికి షరీఅత్‌లో చోటు లేదు.

తల్లి ఒకరే అయి తండ్రి వేరైన తోబుట్టువుల విధి వేరు. తండ్రి, తాత లేనప్పుడు వారు ఒక్కరైతే ఆరోవంతు, ఇద్దరు లేక ఎక్కువ మందైతే అందరికీ కలిపి మూడోవంతు. అందులో ఆడ, మగ తేడా లేకుండా సమానంగా పంచుకుంటారు.

సోదరులారా! రెండు చోట్ల మనవారు ఎక్కువగా పొరబడుతున్నారు. మొదటిది నామినీ విషయం. ఆ ఉపాధ్యాయురాలు బ్యాంకు ఖాతాలో పెద్దన్న పేరు నామినీగా రాసింది. ఆ సొమ్ము తనదేనని ఆయన అనుకోవచ్చు. బ్యాంకు నుండి సొమ్ము అందుకునే అధికారమే నామినీకి ఉంటుంది. సొమ్ము మాత్రం వారసులందరిదని మన దేశ సుప్రీంకోర్టు కూడా 2010లో స్పష్టం చేసింది. అందుకున్న సొమ్ము ఆయన చేతిలో అమానతు. దానిని పై లెక్క ప్రకారం పంచి ఇవ్వాలి.

రెండవది, ముందే చనిపోయిన సోదరుని బిడ్డల విషయం. వేరొక సోదరుడు జీవించి ఉంటే, చనిపోయిన సోదరుని పిల్లలకు వారసత్వంలో వాటా రాదు. అలాగే ఆమె తన ఇంట పెంచుకున్న అక్క కొడుకు కూడా, పైన చెప్పిన బంధువులు ఉండగా వారసుడు కాడు. ఇటువంటి వారికోసమే వసీయత్ ఉన్నది. వారసుడు కాని వ్యక్తికి ఆస్తిలో మూడోవంతు వరకు రాయవచ్చు. వసీయత్ లేకుండా ఆమె వెళ్ళిపోయింది కనుక, ఆ పిల్లవాడికి ఇప్పుడు దక్కేది వయసు వచ్చిన వారసులు తమ వాటాల నుండి ఇష్టపూర్వకంగా ఇచ్చినదే. పంపకం వేళ వాటా లేని బంధువులు, అనాథలు వస్తే వారికీ కొంత ఇచ్చి మంచి మాట పలకమని అన్-నిసా సూరాయే ఆదేశిస్తున్నది.

కాబట్టి ఇంట పెళ్ళికాని అన్నో అక్కో మరణిస్తే, పంపకానికి కూర్చునే ముందు ఒక కాగితం మీద ఈ వరుసను రాసుకుందాం: అప్పులెంత? తండ్రి ఉన్నారా? తాత ఉన్నారా? తల్లి ఉన్నారా? తోబుట్టువులు ఎంతమంది, ఏ తల్లిదండ్రుల బిడ్డలు? వీటి జవాబులు రాసి ఆలిముకు చూపితే వాటాలు తేలిపోతాయి. ఆ జాబితాలో అమ్మ పేరు, చెల్లెలి పేరు లేకపోతే అది పూర్తికాలేదని గ్రహిద్దాం.

ఓ అల్లాహ్! మా చేతికి వచ్చిన ఇతరుల హక్కును వారికే చేర్చే ధైర్యాన్ని మాకు ప్రసాదించు. మా తల్లుల, సోదరీమణుల వాటాలను మా కడుపుల్లో నిప్పుగా మార్చుకోకుండా మమ్మల్ని కాపాడు. ఆమీన్.