మాట కలిస్తే చుట్టరికమేనా?



మా హాస్టల్లో ఒకసారి గోండి మాట్లాడే అమ్మాయి రెండును ‘రండ్’ అని, మూడును ‘ముండ్’ అని లెక్కపెట్టింది. పక్క పిల్లలు ‘ఇది తెలుగునే తప్పుగా పలుకుడు’ అని నవ్విన్రు. ఆ పిల్ల గోండి మాట్లాడుడే బంద్ చేసింది. అప్పుడు ఆమెకు మేం చెప్పిన సంగతే ఇవాళ మీకూ చెప్తున్నాం.

రెండు భాషల్లో ఒకే తీరు మాట ఉంటే కారణాలు మూడు. ఒకటి, కాకతాళీయం. ‘బద్నాం’లోని ‘బద్’ పారసీ మాట, దానికి అర్థం చెడు. ఇంగ్లీషులో ‘బ్యాడ్’ అన్నా చెడే. కానీ పారసీ మాట పాత రూపం ‘వద్’. వెనక్కి పోతే పోలిక చెదిరిపోతుంది. రెండోది, ఎరువు. దవాఖాన అనే మాట మనందరి నోట్లో ఉన్నది. అది ఉర్దూ నుంచి వచ్చింది. అంతమాత్రాన తెలుగు, ఉర్దూ అక్కచెల్లెళ్లు కావు. మూడోది, ఒకే తల్లి భాష నుంచి వచ్చిన వారసత్వం.

ఇది వారసత్వమని ఎట్ల తెలుస్తుంది? ఒక్క మాట కలిస్తే చాలదు. అంగట్లో తిరిగే మాటలు వదిలి అంకెలు, ఒంటి భాగాలు, ఇంటి మాటలు తీసుకోవాలి. వాటిలో ధ్వనుల తేడా ఒకే లెక్కన మళ్లీ మళ్లీ రావాలి.

గోండిలో ఐదు ‘సయ్యుంగ్’, ఆరు ‘సారుంగ్’, ఉప్పు ‘సోవర్’, ఇయ్యి అనడానికి ‘సీ’. నాలుగింటిలోనూ తెలుగు మాట అచ్చుతో మొదలైతే గోండి మాట ‘స’తో మొదలవుతున్నది. తెలుగు నుంచి ఎరువు తెచ్చుకుంటే ఈ ‘స’ ఎక్కడిది? తల్లి భాషలో అక్కడ ‘చ’ ఉండేదని పండితులు తేల్చిన్రు. ఈ మాటల్లో తెలుగు దాన్ని పోగొట్టుకున్నది, గోండి ‘స’గా దాచుకున్నది. ఇట్లాంటి జంటలను బరో, ఎమెనో 1961లో ద్రావిడ నిఘంటువుగా అచ్చువేసిన్రు.

ఇక సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల తండాల లంబాడీ మాట చూడండి. తరతరాలుగా తెలుగు పక్కన ఉండి తెలుగు మాటలు చాలా చేరినయి. కానీ ఏడు ‘సాత్’, ఎనిమిది ‘ఆట్’, చెయ్యి ‘హాత్’, చెవి ‘కాన్’. సంస్కృతంలో ఇవి సప్త, అష్ట, హస్త, కర్ణ. ప్రతిసారీ జంట హల్లు ఒక్కటై ముందున్న అచ్చు సాగింది. అంటే లంబాడీ రాజస్థానీ, గుజరాతీల ఇంటిది. పక్కింటి మాటలు ఎన్ని చేరినా పుట్టిల్లు మారదు.

అంకెలు కూడా ఒక్కోసారి ఎరువు పోతయి. అందుకే ఒక జాబితాతో తీర్పు చెప్పొద్దు. మీరు మాటలు రాసుకునేటప్పుడు అమ్మమ్మ పలికినట్టే రాయండి. తెలుగులాగ సరిదిద్దితే, చుట్టరికం చెప్పే ఆ ‘స’నే కొట్టేసినట్టయితది.

ఆ పిల్ల తెలుగును తప్పు పలకలేదు. తెలుగుకు అక్క వరసయ్యే భాషను సక్కగా పలికింది.