వంటింటి కొత్త లైనుకు ఏ వైరు వేయించుకోవాలె?



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మన సభ్యులు కొందరు ఇందిరమ్మ ఇండ్లు కట్టుకుంటున్నరు. కొందరు సంఘం లోన్ తీసి పాత ఇంటికి వంటగది కలుపుకుంటున్నరు. ప్లాస్టరింగ్ కాకముందే గోడలో పైపులు పడతయి. తర్వాత వైరు పైపు మార్చాలంటే గోడ పగలగొట్టాలె. అందుకే ఈరోజు ఒక్క సంగతే చెప్తున్నం: ఇండక్షన్ స్టవ్, గీజరు నడిచే లైనుకు ఎంత మందం వైరు కావాలె.

మా గ్రామ సంఘంలో ఒక అక్క ఇంట్లో జరిగింది చెప్తం. వంటగదికి ఆనుకొనే బాత్‌రూం. స్టవ్‌కు, గీజరుకు ఒకటే లైను తీసిన్రు. చలికాలం పొద్దున రెండూ ఒకేసారి నడిచేటివి. కొన్ని రోజులకు ప్లగ్గు బోర్డు నల్లబడ్డది, కాలిన వాసన వచ్చింది. విప్పి చూస్తే లోపల వైరు తొడుగు కరిగి ఉన్నది. అంటుకునేలోపే చూసుకున్నరు కాబట్టి ఇల్లు దక్కింది.

ఎందుకట్లయిందో లెక్క చూద్దాం. స్టవ్ మీద, గీజరు మీద వాట్లు రాసి ఉంటయి. వాట్లను 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో తెలుస్తది. స్టవ్ 2000 వాట్లు, అంటే సుమారు 9 ఆంపియర్లు. ఆ ఇంట్లో ఉన్నది నీళ్లు అప్పటికప్పుడు కాగే చిన్న గీజరు, 3000 వాట్లు, అంటే 13 ఆంపియర్లు. రెండూ కలిపి 22.

ఇప్పుడు వైరు. గోడ పైపులో వేసిన రాగి వైరు, మన ఎండలకు తగ్గించి లెక్కిస్తే, 1.5 స్క్వేర్ ఎంఎం సైజుది సుమారు 15 ఆంపియర్లు మోస్తది. 2.5 సైజుది 21 దాకా, 4 సైజుది 28 దాకా మోస్తది. ఆ ఇంట్లో వేసింది లైట్లకు, ఫ్యాన్లకు వేసే 1.5 వైరు. 15 మోసేదాని మీద 22 పెట్టిన్రు. మరి ఎంసీబీ ఎందుకు పడలేదు? బోర్డులో 32 ఆంపియర్లది పెట్టిన్రు. 22కు అది ఎట్ల పడతది?

ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. అందుకే లైను మీద పడే ఆంపియర్ల కన్నా ఎంసీబీ ఎక్కువ ఉండాలె, వైరు మోసేదానికన్నా తక్కువ ఉండాలె. మన లెక్కలో లోడు 22, ఎంసీబీ 25, వైరు 28. అంటే ఒకటే లైను వేస్తే 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 25 ఆంపియర్ల ఎంసీబీ. 2.5 వైరు అంచు దాటుతది కాబట్టి ఆ లైనుకు సరిపోదు.

ఇంతకన్నా మంచి దారి రెండు లైన్లు వేయించుకోవడం. స్టవ్‌కు ఒకటి, గీజరుకు ఒకటి, దేనికదే 2.5 వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ. అప్పుడు ఏ లైను మీదా 13 ఆంపియర్లు దాటవు. ఒకటి చెడిపోయినా ఇంకోటి నడుస్తది. ఆ అక్క ఇంట్లో చివరికి ఇట్లనే వేయించినం. ఏది వేసినా లైను మీటరు దగ్గరి మెయిన్ బోర్డు నుంచే రావాలె. హాల్లో ఉన్న ప్లగ్గు నుంచి తీస్తే వెనక ఉన్న సన్న వైరే కాలుతది.

ఎర్త్ వైరు కూడా అదే సైజుది వేయించుండ్రి. గీజరు లోపల కరెంటు లీకయితే నీళ్లు ముట్టిన మనిషికి షాక్ తగులుతది. అందుకే గీజరు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాలె. ఎంసీబీ ఆ పని చెయ్యది.

దుకాణంలో వైరు కొనేటప్పుడు కట్ట మీది చీటీ ఒక్కటే చూడొద్దు. వైరు తొడుగు మీదనే సైజు, ఐఎస్ఐ గుర్తు అచ్చు వేసి ఉంటయి. పాత మేస్త్రీలు 3/20, 7/20 అని చెప్తరు. 7/20 అంటే 4 కన్నా కొంచెం ఎక్కువ. 3/20 మాత్రం సుమారు 2 స్క్వేర్ ఎంఎం, అది 2.5 కాదు.

ఇంకొక్క మాట. రెండూ కలిస్తే 5 కిలోవాట్లు. బిల్లు మీద మన ఇంటికి మంజూరైన లోడు ఎంతుందో చూడుండ్రి. తక్కువుంటే టీజీఎన్‌పీడీసీఎల్ ఆఫీసులో అదనపు లోడుకు దరఖాస్తు పెట్టి, మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు, మెయిన్ స్విచ్ సరిపోతయో లేదో చూపించుకోవాలె.

వైర్లు వేసినంక కూడా గమనిస్తుండాలె. గీజరు వేసి పావుగంటయినంక ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, బోర్డు రంగు మారినా వెంటనే ఎంసీబీ దింపి మేస్త్రీని పిలవాలె. లోపల స్క్రూ వదులైనా ఇట్లనే అయితది. ఎంసీబీ మాటిమాటికి పడుతుంటే పెద్దది పెడతనని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. ముందు వైరు సైజు ఎంతో చూపించమని అడుగుండ్రి.

ఈ లెక్కను సంఘం మీటింగులో మినిట్స్ పుస్తకంలో రాసుకొని, ఇల్లు కడుతున్న సభ్యురాలికి ప్లాస్టరింగ్‌కు ముందే చెప్పాలని కోరుతున్నం.