రాసిందే దిద్దితే ఏ తప్పులు మిగులుతాయి?

(కుటుంబ సలహా కేంద్రాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య మన కేంద్రాల్లో అర్జీల చిత్తుప్రతిని చాట్‌బాట్ చేత రాయించడం మామూలైపోయింది. అది తప్పని నేను అనను. నలుగురు చెయ్యాల్సిన పని ఇద్దరు చేస్తున్న చోట ఆ సాయం అవసరమే. అయితే రాయించిన తర్వాత చాలామంది ఇంకో పని కూడా చేస్తున్నారు. 'నువ్వు రాసినదాన్ని నువ్వే విమర్శించుకుని, తప్పులు దిద్ది మళ్ళీ రాయి' అని దాన్నే అడుగుతున్నారు. అది వెంటనే లోపాల జాబితా ఒకటి ఇస్తుంది, కొత్త ప్రతి రాస్తుంది. మనకు సరిచూసిన కాగితం చేతికొచ్చిందన్న ధైర్యం కలుగుతుంది. ఆ ధైర్యం ఎంతవరకు న్యాయమైనదో ఒక్క అర్జీని పట్టుకుని చూద్దాం.

ఆమెను లక్ష్మి అనుకుందాం. పేరు, కొన్ని వివరాలు మార్చాను. పెళ్ళయి ఆరేళ్ళు, నాలుగేళ్ళ పాప. అత్తగారి పేరున ఉన్న ఇంట్లో కాపురం. ఉగాది మర్నాడు రాత్రి భర్త కర్రతో కొట్టి ఎడమచెయ్యి విరగ్గొట్టాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంది, చీటీ దాచుకుంది. తిరిగి వెళ్తే అత్తగారు తలుపు తియ్యలేదు. ఇప్పుడు వేరే జిల్లాలో తల్లి దగ్గర ఉంది. ఆమె అడిగేది ఒక్కటే: ఆ ఇంట్లోకి తిరిగి వెళ్ళాలి, కొట్టకుండా కట్టడి చెయ్యాలి. ఆమె చెప్పింది చెప్పినట్టు రెండు పేజీలు రాసుకున్నాం. పేర్లు, ఊళ్ళు తీసేసి ఆ వాంగ్మూలాన్ని చాట్‌బాట్‌కి ఇచ్చి, 2005 గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు పెట్టే అర్జీ రాయమన్నాం.

మొదటి ప్రతి చూడటానికి బాగానే ఉంది. చదివితే నాలుగు సంగతులు కనిపించాయి. ఒకటి, ఆసుపత్రి చీటీ ఊసే లేదు. రెండు, 'అదనంగా రెండు లక్షల కట్నం కోసం వేధించారు' అని ఉంది. లక్ష్మి ఆ మాట ఎక్కడా అనలేదు. మూడు, ఇల్లు అత్తగారిది కనుక ఆ ఇంట్లో నివాసం కోరే హక్కు లేదనీ, అద్దె డబ్బు మాత్రమే అడగవచ్చనీ ఉంది. నాలుగోది మాత్రం సరిగ్గా రాసింది: ఆమె తాత్కాలికంగా ఉంటున్న తల్లిగారి ఊళ్ళోనే అర్జీ పెట్టుకోవచ్చని. 27వ సెక్షన్ చెప్పేది అదే.

తర్వాత, తన ప్రతిని తనే విమర్శించమన్నాం. అది పట్టుకున్నవి ముందు చెబుతాను. వాక్యాలు పొడుగ్గా ఉన్నాయని విడగొట్టింది. కోరే ఉత్తర్వులను వరుసగా అంకెలు వేసి రాసింది. 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగలేదని గుర్తుచేసి చేర్చింది. వాంగ్మూలం ముందే ఉంది కనుక ఆసుపత్రి చీటీ వదిలేసిన సంగతీ కనిపెట్టింది. ఇవన్నీ నిజమైన లాభాలే. కాగితం మీద ఉన్నదాన్ని ఒక పట్టికతోనో, పక్కనున్న ఇంకో కాగితంతోనో పోల్చి చూసే పనిలో స్వీయవిమర్శ పనికొస్తుంది.

కానీ కట్నం మాట అలాగే ఉంది. పైగా భాష ఇంకా గట్టిపడింది. ఎందుకు? ఈ యంత్రం ఏ వాక్యాన్నయినా తన ముందున్న మాటల వరుసను బట్టి, తను నేర్చుకున్న రాతల పోలికను బట్టి అల్లుతుంది. ఇలాంటి అర్జీల్లో కట్నం మాట తరచూ వస్తుంది కనుక అది సహజంగా వచ్చి కూర్చుంది. విమర్శించేటప్పుడూ అదే పోలిక పని చేస్తుంది. ఆ వాక్యం అర్జీలో ఇమిడిపోయింది కనుక దానికి అనుమానం రాదు. కానీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. 'ఎప్పుడు అడిగారు? ఎవరి ఎదుట?' అంటే లక్ష్మి ఏం చెబుతుంది? ఆ ఒక్క అబద్ధం పక్కన చెయ్యి విరిగిన నిజం కూడా పలచబడిపోతుంది.

మరో మార్పు నన్ను ఎక్కువ కలవరపెట్టింది. 'కర్రతో కొట్టి చెయ్యి విరగ్గొట్టాడు' అన్న వాక్యం ఆవేశంగా ఉందని తన విమర్శలో తనే రాసుకుని, రెండో ప్రతిలో దాన్ని 'దంపతుల మధ్య ఘర్షణలో ఆమెకు గాయమైంది' అని దిద్దింది. ఉగాది మర్నాడన్న మాట పోయింది. కర్ర పోయింది. కొట్టినవాడు కూడా పోయాడు. 'మెరుగుపరచు' అంటే సంయమనం, సమతూకం అని అది అర్థం చేసుకుంటుంది. భార్యను కొట్టడాన్ని ఇద్దరి గొడవగా చెప్పే భాషతో మనం ఎన్నాళ్ళుగానో తగాదా పడుతున్నాం. అదే భాష ఇప్పుడు దిద్దుబాటు పేరుతో మన అర్జీలోకే వస్తోంది. మూడుసార్లు దిద్దించి చూడండి, ప్రతిసారీ ఒక తేదీయో, ఒక వస్తువో, ఒక క్రియాపదమో రాలిపోతుంది. దిద్దిన ప్రతిని దాని ముందు ప్రతితో కాదు, ఆమె వాంగ్మూలంతోనే పోల్చాలని అనేది అందుకే.

ఇక ఇంటి సంగతి. 2006 డిసెంబరులో బాత్రా కేసులో సుప్రీంకోర్టు, భర్తకు సొంతమైన లేదా అతను అద్దెకు తీసుకున్న ఇల్లు, లేదా అతను సభ్యుడైన ఉమ్మడి కుటుంబపు ఇల్లు మాత్రమే ఈ చట్టం కింద నివాస హక్కుకు వస్తుందని చెప్పింది. అత్తగారి సొంత ఇల్లయితే కోడలికి హక్కు లేదన్నది. ఆ తీర్పు పద్నాలుగేళ్ళు నిలిచింది. 2020 అక్టోబరు 15న సతీష్ చందర్ అహూజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అది సరైన చట్టం కాదని కొట్టేసింది. భర్త బంధువుల పేరున ఉన్న ఇల్లయినా, అక్కడ ఆమె స్థిరంగా కాపురం చేసి ఉంటే నివాసం కోరవచ్చంది. ఆ హక్కుకు ఎదురులేదని మాత్రం అనలేదు. ముసలి అత్తమామల ప్రశాంతతనూ తూచమంది. 

పద్నాలుగేళ్ళ పాటు ఎన్ని రాతలు పాత తీర్పునే చెప్పి ఉంటాయో ఊహించండి. చాట్‌బాట్ నేర్చుకున్నది ఆ రాతల నుంచే. పాత చట్టాన్ని రాసిందీ, 'ఇది సరేనా' అని చూసిందీ ఒకే జ్ఞాపకం. అందువల్ల అది తన విమర్శలో 'చట్టపరమైన విశ్లేషణ సరిగా ఉంది' అని రాసింది. అబద్ధమాడాలని కాదు, దానికి తెలిసింది అంతే.

ఇది మన ఒక్క అర్జీ సమస్య కాదు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో మాటా అనే ప్రయాణికుడు ఒక విమాన సంస్థపై వేసిన దావాలో, అతని లాయరు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించాడు. వాటిలో అనేకం అసలు లేవు. ఆ లాయరు చాట్‌బాట్‌నే అడిగాడు, ఈ కేసు నిజమైనదేనా అని. అవును అంది. మిగతావి కల్పితాలా అంటే, కావు, న్యాయ గ్రంథాల డేటాబేసుల్లో దొరుకుతాయి అంది. జూన్ 22న జడ్జి ఐదు వేల డాలర్ల జరిమానా వేశాడు. డేటాబేసు తెరిచి చూసి ఉంటే నిమిషాల్లో తేలిపోయేది. రాసిన యంత్రాన్నే సాక్షిగా పిలవడం వల్ల వచ్చిన చిక్కది.

ఇంకో రకం తప్పు దీనికి పూర్తిగా ఎదురు. ఉన్న తప్పు నిలిచిపోవడం కాదు, ఉన్న ఒప్పు పోవడం. మేము '27వ సెక్షన్ సంగతి నీకు ఖాయమేనా? మరోసారి చూడు' అని మాత్రం అన్నాం. వెంటనే క్షమాపణ చెప్పి, అత్తవారి ఊళ్ళోనే అర్జీ వెయ్యాలని మార్చేసింది. మేము కొత్త సమాచారం ఏమీ ఇవ్వలేదు, అనుమానం మాత్రమే ఇచ్చాం. అడిగేవారి గొంతుకు ఒదిగిపోవడం ఈ యంత్రాల్లో తరచూ కనిపించే గుణం. 2023లో గూగుల్ డీప్‌మైండ్ సంస్థ, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తర్కంతో తేల్చాల్సిన లెక్కల వంటివాటి మీద పరీక్షించి చూశారు. బయటి ఆధారం లేకుండా తన జవాబు తనే దిద్దుకోమంటే జవాబులు మెరుగు కాలేదు, కొన్నిచోట్ల సరైనవి తప్పులయ్యాయి. అంటే జవాబు మారినంత మాత్రాన అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు. మారకపోయినంత మాత్రాన నిజమైనట్టూ కాదు.

మరి ఏం చెయ్యాలి? లక్ష్మి అర్జీకి మేము చేసింది చెబుతాను.

మొదట, 'విమర్శించు' అన్న మాట మానేశాం. వాంగ్మూలంలోని వాక్యాలకు అంకెలు వేసి, అర్జీలోని ప్రతి వాక్యం పక్కన అది ఏ అంకె నుంచి వచ్చిందో రాయమన్నాం. ఆధారం లేనివాటి పక్కన 'లేదు' అని రాయమన్నాం. కట్నం వాక్యం పక్కన 'లేదు' అని వచ్చింది. అదే యంత్రం, అదే తప్పు, కానీ ఈసారి పోల్చడానికి ఒక కాగితం ఉంది. అప్పటికీ అంకెలను మేము ఒక్కొక్కటిగా చూసుకున్నాం. లేని అంకెను వేసే అలవాటూ దానికుంది.

రెండు, అర్జీ చూపించకుండా, కొత్త సంభాషణ తెరిచి, చట్టం ప్రశ్నలు విడివిడిగా అడిగాం. 'అత్తగారి పేరున ఉన్న ఇంట్లో కాపురం చేసిన స్త్రీ నివాస ఉత్తర్వు కోరవచ్చా?' అని. చిత్తుప్రతి ఎదురుగా లేకపోతే దాన్ని సమర్థించుకునే పని ఉండదు. విడిగా అడిగితే తప్పులు తగ్గుతాయని మెటా సంస్థ పరిశోధకులు కూడా 2023లో చూపించారు. ఈసారి జవాబు వేరుగా వచ్చింది. రెండు జవాబులూ ఒకదానికొకటి పొసగనప్పుడు ఏది నిజమో దాన్ని అడగకూడదు. అక్కడ ఆగి చట్టం పుస్తకం తియ్యాలి.

మూడోది అదే. ప్రభుత్వ ఇండియా కోడ్ నుంచి 2(ఎస్), 17, 19, 27 సెక్షన్ల పూర్తి పాఠం, అహూజా తీర్పులో సంబంధించిన పేరాలు ముందుంచి, అర్జీ వీటికి ఎక్కడ విరుద్ధంగా ఉందో చూపమన్నాం. ఇంటి పేరా దిద్దింది. మేము గమనించని మరొకటి కూడా దొరికింది. అర్జీలో భర్తతో పాటు అత్తగారినీ ఇల్లు ఖాళీ చేయించమని ఉంది. 19వ సెక్షన్ ప్రకారం స్త్రీని ఇల్లు ఖాళీ చేయించే ఉత్తర్వు ఇవ్వకూడదు. ఆ కోరిక తీసేసి, తనను ఇంట్లోకి రాకుండా అడ్డుకోవద్దన్న కోరిక ఉంచాం. తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయరు ఆ సెక్షన్లు, తీర్పు తన కళ్ళతో చదివి చూసింది.

చివరి పరీక్ష యంత్రంతో పని లేనిది. అర్జీ మొత్తం లక్ష్మికి చదివి వినిపించాం. 'ఘర్షణ' అన్నచోట ఆమె ఆపింది. 'ఘర్షణ కాదమ్మా, వాడు కొట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకున్నాను' అంది. ఆ వాక్యాన్ని ఆమె చెప్పినట్టే, తేదీతో, కర్రతో సహా తిరిగి రాశాం. ఎన్నిసార్లు తనను తాను విమర్శించుకున్నా చాట్‌బాట్‌కు ఆ సవరణ తట్టదు, ఎందుకంటే ఆ రాత్రి అది అక్కడ లేదు. సంతకం లక్ష్మిది, బోనెక్కి జవాబు చెప్పాల్సిందీ ఆమే. అందుకే ఆమె 'అవును, ఇదే జరిగింది' అన్న తర్వాతనే ఏ ప్రతి అయినా మన కేంద్రం గడప దాటాలి.