విండోస్ మార్చే ముందు ఒక ఫోన్ కాల్

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి దుకాణాల్లో 11 వేయిస్తున్నారు. విండోస్ 11 వచ్చేది 64 బిట్‌లోనే. 32 బిట్ విండోస్ 10లో ఇన్నాళ్లూ నడిచిన డాస్ కాలపు 16 బిట్ బిల్లింగ్ ప్రోగ్రాము 11లో తెరుచుకోదు. పైగా 32 బిట్ నుంచి నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు. కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ఇక వెనక్కి వెళ్లడం కష్టం.

అందుకే ముందుగా బిల్లింగ్ ప్యాకేజీ అమ్మినవారిని అడగండి. "పనిచేస్తుందా?" అంటే "ఆ, చేస్తుందండీ" అనేస్తారు. హెల్ప్ మెనూలో కనిపించే వెర్షన్ నంబరు చెప్పి, ఆ వెర్షన్ గురించే అడగండి. డాంగిల్‌కూ, బిల్లు ప్రింటరుకూ డ్రైవర్లున్నాయో కనుక్కోండి. జవాబు మెయిల్‌లో తీసుకోండి. తర్వాత డేటా బ్యాకప్ తీసి, విండోస్ 11 ఉన్న వేరే కంప్యూటరులో ఒక బిల్లు కొట్టి చూడండి.