ఏడు చేపల కథ వెనక్కి చెబితే

మీలో కొందరికి ఇంట్లో అక్క బిడ్డలున్నారు, కొందరు కొత్తగా అమ్మానాన్నలయ్యారు. అందుకని ఈ రోజు పడుకోనని మొండికేసే మూడేళ్ల పిల్లల గురించి మాట్లాడతాను.

మా చెల్లెలి కూతురు రాత్రి పదకొండయినా కళ్లు మూసేది కాదు. సెల్లు ఇస్తేనే పడుకుంటుందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. అసలు సంగతి పగటి నిద్రలో ఉంది. అంగన్‌వాడీ నుంచి వచ్చి నాలుగింటికి పడుకుని ఆరింటికి లేచేది. ఈ వయసుకు పగలూ రాత్రీ కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. అందులో రెండు గంటలు సాయంత్రమే అయిపోతే ఎనిమిదింటికి నిద్రెలా వస్తుంది? మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే పడుకోబెట్టి, మూడింటికల్లా లేపడం మొదలుపెట్టాం.

రాత్రి వరస రోజూ ఒకటే. ఏడింటికి అన్నం, తర్వాత సెల్లు ఎవరి చేతిలోనూ ఉండదు. కాళ్లు కడగడం, ఒంటికి పోయించడం, నీళ్లు తాగించడం, చాప మీదకి చేరడం. "ఒక్క కథ, ఒక్క పాట" అని ముందే చెప్పాలి.

కథ మీకందరికీ తెలిసిందే, ఏడు చేపల కథ. మేం రాజుగారి కొడుకుల్ని తీసేసి, మా ఊరి కుర్రాళ్లను వాగులోకి దించాం. ఒక చేప ఎండలేదు. ఎందుకు? గడ్డిమోపు అడ్డొచ్చింది. ప్రతి మెట్టు దగ్గరా పాప "ఎందుకు?" అని అరుస్తుంది. అరవనివ్వండి, అప్పుడు దీపం వెలుగుతూనే ఉంటుంది, పాప కూర్చునే ఉంటుంది. చిక్కు చివర్లో వస్తుంది. చీమ కుట్టిందనగానే పిల్లలు కెవ్వుమని లేస్తారు, వచ్చిన నిద్ర పోతుంది.

అందుకే చీమ దగ్గర ఆగకుండా దీపం తగ్గించి, పాపను పడుకోబెట్టి, కథను వెనక్కి నడిపిస్తాం. చీమ పుట్టలోకి వెళ్లి పడుకుంది. ఏడ్చిన బిడ్డ పడుకుంది. అవ్వ పడుకుంది. పశులు కాసే పిల్లాడు, ఆవు, గడ్డి, చివరికి వాగులో మిగిలిన చేపలు. ఒక్కో మాటకీ గొంతు తగ్గాలి, మధ్యలో ఒక ఊపిరి ఆగాలి. ఈ సగంలో ప్రశ్న ఉండదు కాబట్టి పాప అడగదు. ఇది మా ఇంటి భాషలో చెబుతాం. మీరు మీ కోయలోనో, కువిలోనో, సవరలోనో చెప్పుకోండి.

తర్వాత జోలపాట. రోజుకో పాట మార్చొద్దు, తెలిసిన పాటైతేనే పిల్ల వినడం మానేసి నిద్రలోకి జారుతుంది. వీపు మీద తట్టే చెయ్యి పాటకన్నా నెమ్మదిగా ఉండాలి. మాటలు వదిలి రాగం, రాగం వదిలి ఊపిరి. మీ అవ్వ పాటను సెల్లులో రికార్డు చేసుకోండి, కానీ నేర్చుకోవడానికే. పిల్ల దగ్గర మీ గొంతే పాడాలి.

మొదటి మూడు రాత్రులు పాప లేచి గుమ్మం దాకా వెళ్లింది. తిట్టలేదు, ఇంకో కథా చెప్పలేదు, తెచ్చి పడుకోబెట్టాం. పది రోజులకి ఎనిమిదిన్నరకే సర్దుకుంది.

ఒకటి గమనించండి. రాత్రిపూట మలద్వారం దగ్గర గోక్కుంటూ లేస్తుంటే నులిపురుగులు కావచ్చు. రోజూ నోరు తెరిచి గట్టిగా గురక పెడుతున్నా ఊరుకోకూడదు. అలాంటప్పుడు కథలతో పని లేదు, ఏఎన్‌ఎం అక్కకు చూపించండి.